ఫ్రిజ్ మీది సంచీలో ఉన్న గడువులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది కోనసీమలో ఒక చిన్న పట్నం. మావారు పదమూడేళ్లుగా మస్కట్‌లో ఉంటున్నారు. ఇక్కడ అత్తగారు, ఇద్దరు పిల్లలు, నేను. మామగారు కిందటేడాది పోయారు. ఇంటికొచ్చే కవర్లన్నీ నేనే సంతకం పెట్టి తీసుకుంటాను. వంట మధ్యలో ఉంటాను కాబట్టి ఫ్రిజ్ మీద ఉన్న చీరల షాపు సంచీలో పడేస్తాను. మొన్న నాకు రావాల్సిన ఇన్‌కం టాక్స్ రిఫండు రాలేదు. అడిగితే, నా పేరు మీద పాత బాకీ 21,340 రూపాయలు ఉందనీ అందులోకి జమ వేసుకున్నారనీ తెలిసింది. ఆ నోటీసు 2023 జనవరి 10న మెయిల్‌లో వచ్చిందట. నాకు ఏ మెయిలూ రాలేదు. రోడ్డు మీది మా షాపుల అద్దె, డిపాజిట్ల వడ్డీ నా పేరు మీద ఉంటే మా ఆడిటర్ గారే రిటర్ను వేస్తారు. ఆ భయంతో సంచీ అంతా గుమ్మరించాను. జూన్ 15న రిజిస్టరులో వచ్చిన బ్యాంకు కవరు ఒకటి విప్పకుండానే ఉంది. ఏటా వచ్చే వడ్డీ కాగితం అనుకున్నాను. చూస్తే ఇంటి అప్పు మీద సెక్షన్ 13(2) నోటీసు, పైన జూన్ 3 తేదీ. మావారి కంపెనీలో జీతాలు ఆగి ఫిబ్రవరి నుంచి కిస్తీలు కట్టలేదు, అప్పు ఇద్దరి పేరా ఉంది. మామగారి పేరు మీద కూడా రెండు కవర్లు ఉన్నాయి. "ఒక్క ఫైలు పెట్టుకోలేవా" అని మావారు ఫోన్‌లో కేకలు. ఫైలు కొన్నాను. టాక్స్, బ్యాంకు, మున్సిపాలిటీ, కరెంటు అని అట్టలు పెట్టాను. అయినా ఏది ముందు చూడాలో తెలియడం లేదు. ఎలా సర్దుకోవాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ బ్యాంకు కాగితం కుడివైపు పై మూలలో పెన్సిలుతో రెండు తేదీలు రాయండి. ఆగస్టు 2, దాని కింద జులై 23. మిగతా సంచీ సంగతి తరవాత చూద్దాం.

ఆగస్టు 2 ఎలా వచ్చిందంటే, 13(2) నోటీసు అరవై రోజుల గడువు ఇస్తుంది. బాకీ తీరకపోతే తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకోవడానికి వీలిచ్చే సర్ఫేసీ చట్టంలో ఆ అరవై రోజులూ నోటీసు తేదీ నుంచి అనే ఉంది, మీ చేతికి అందిన రోజు నుంచి అని లేదు. జూన్ 3 నాటి కాగితం కాబట్టి జూన్ 4 ఒకటో రోజు. జూన్‌లో 27, జులైలో 31, ఆగస్టులో 2, మొత్తం అరవై. మీరు 15న సంతకం పెట్టేసరికే పన్నెండు రోజులు పోయాయి, సంచీలో ఇంకొన్ని పోయాయి. పైగా ఈ ఏడాది ఆగస్టు 2 ఆదివారం. రెండో తేదీ, అంటే జులై 23 గురువారం, నేను పెట్టింది. చట్టంలో అలాంటి తేదీ లేదు. దాన్ని 'మన తేదీ' అందాం. డబ్బు మస్కట్ నుంచి రావాలి, మేనేజరు సెలవులో ఉండొచ్చు, 25 నాలుగో శనివారం. ఇవన్నీ తీసేస్తే బ్యాంకులో పని నిజంగా ముగించుకోగల రోజు అదే.

మీరు అడిగిన ఫైలు రహస్యం ఈ రెండు తేదీల్లోనే ఉంది. టాక్స్, బ్యాంకు, మున్సిపాలిటీ అని అట్టలు పెట్టారు కదా, అది కాగితం ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చెబుతుంది. ఏది ముందు మీద పడుతుందో చెప్పదు. బ్యాంకు అట్ట వెనక ఖాతా స్టేట్‌మెంటూ ఉంటుంది, ఇల్లు పోయే నోటీసూ ఉంటుంది, రెండూ పక్కపక్కనే బుద్ధిగా కూర్చుంటాయి. నేను ఒక ఆడిటర్ గారి ఆఫీసులో ఇరవై ఏడేళ్లు ఇన్‌వర్డ్ రిజిస్టరు రాశాను. మొదట్లో మేమూ మీలాగే శాఖల వారీగా సర్దేవాళ్లం. ఒకసారి పదిహేను రోజుల గడువున్న కాగితం ఒకటి, 'ఆదాయపు పన్ను' అని అందంగా రాసిన ఫైల్లోనే, నెలరోజులు పడుకుంది. ఎక్కడికీ పోలేదు, ఫైల్లోనే ఉంది. పోయింది గడువు. ఆ తరవాత మా ఆఫీసులో అట్టలు మారాయి.

ఆ అట్టలు మూడే. మొదటిది 'జవాబివ్వాలి'. దీంట్లో పంపినవాళ్లెవరైనా సరే, మన తేదీ దగ్గరగా ఉన్నది పైన, దూరంగా ఉన్నది కింద. రెండోది 'ఇచ్చాం, కబురు రావాలి'. మనం జవాబు పంపిన ప్రతి కాగితం, మనం పంపినదాని నకలూ రసీదూ కలిపి కుట్టి, ఇందులోకి వస్తుంది. మూడోది 'ముగిసింది', దీన్ని మాత్రం మనిషి వారీగా పెట్టుకోండి: మీవి, మీవారివి, మామగారివి. ఫైలు మొదట్లో ఒక గీతల కాగితం పెట్టి వరసకొక కాగితం చొప్పున వచ్చిన రోజు, ఎవరి పేరు, ఎవరు పంపారు, ఆఖరి తేదీ, మన తేదీ, ఏం చేశాం అని రాయండి. మా ఇన్‌వర్డ్ రిజిస్టరు కూడా ఇంతకంటే ఎక్కువేం కాదు. చాలామంది తప్పిపోయేది రెండో అట్ట దగ్గర. జవాబు పంపేశాం కదా అని దాన్ని మూడోదాంట్లో పడేస్తారు, అవతలివాళ్లు జవాబు ఒప్పుకోలేదని పంపిన కాగితం కొత్త గడువుతో వస్తే దానికీ దీనికీ సంబంధం పట్టుకోలేరు.

ఇక తేదీ లెక్క. మీరు నేర్చుకోవాల్సింది ఈ ఒక్కటే, అదీ అంత కష్టం కాదు. ప్రతి కాగితానికీ గడియారం ఒకే చోట మొదలుకాదు. బ్యాంకు 13(2)కి నోటీసు తేదీ నుంచి అని చూశారు. ఆదాయపు పన్ను వాళ్లు బాకీ కట్టమంటే, అది అందిన రోజు నుంచి ముప్పై రోజులు. ఎవరికైనా ఇచ్చిన చెక్కు తిరిగొచ్చి అవతలివాళ్లు లాయరు నోటీసు పంపితే, అది మీ చేతికి అందిన రోజు నుంచి పదిహేను రోజుల్లో డబ్బు కట్టాలి, లేకపోతే వాళ్లు కోర్టుకు వెళ్లొచ్చు. అందిన రోజు లెక్కలోకి రాదు, మర్నాడు ఒకటి. అందుకే కాగితంతో పాటు కవరు కూడా ఉంచండి, చింపి పారేయకండి. కవరు మీద తపాలా ముద్ర, బార్‌కోడు కింద నెంబరు ఉంటాయి. ఆ నెంబరు తపాలా శాఖ సైట్‌లో కొడితే ఏ రోజు బట్వాడా అయిందో చూపిస్తుంది. ఆ పేజీ ప్రింటు అప్పుడే తీసి కవరుతో కుట్టేయండి, ఏళ్ల తరవాత వెతికితే అది దొరకదు. గడియారం ఎక్కడ మొదలైందో కాగితం చదివినా తేలకపోతే, కాగితం మీది తేదీ నుంచే లెక్కవేయండి. అలా వేస్తే పొరపాటు ఎప్పుడూ మన మంచికే జరుగుతుంది.

ఒక్క మాట మధ్యలో. కొందరు కవరు చూడగానే "ఇంట్లో లేరని చెప్పు" అని పోస్ట్‌మ్యాన్‌ని పంపేస్తారు. తీసుకోకపోతే నోటీసు అందనట్టే అనుకుంటారు. సరైన చిరునామాకు రిజిస్టరులో పంపినదాన్ని తీసుకోకుండా తిప్పి పంపితే కోర్టులు అందినట్టుగానే చూస్తాయి. గడియారం నడుస్తూనే ఉంటుంది, లోపల ఏముందో మనకు తెలియదు, అంతే తేడా. మీరు అన్నీ తీసుకుంటున్నారు, ఆ పని మానకండి.

ఇప్పుడు మీ ఆదాయపు పన్ను కాగితం. 2023 జనవరి 10న మీకు వచ్చింది చాలావరకు సెక్షన్ 143(1) ఇంటిమేషన్ అయ్యుంటుంది. రిటర్నును కంప్యూటరు చూసి, మీరు వేసిన లెక్క ఇది, మేం వేసిన లెక్క ఇది అని పంపే కాగితం. అది పోస్టులో రాదు. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్లో మీ పేరుకు ఎదురుగా ఉన్న మెయిల్‌కు వెళుతుంది. ఆ మెయిల్ ఎవరిది? నేను పందెం కాస్తాను, మీ ఆడిటర్ గారి ఆఫీసుదే. మా ఆఫీసులోనూ ఇదే అలవాటుండేది. రిటర్ను వేసేటప్పుడు ఓటీపీల కోసం క్లయింటుకు ఫోన్ చేసి విసిగించడం ఎందుకని వందలమందికి మా మెయిలూ మా ఫోను నెంబరూ పెట్టేసేవాళ్లం. జులై ఆఖర్లో ఆ మెయిల్‌బాక్సు మొహం చూస్తే మీ సంచీయే నయమనిపిస్తుంది. ఇందులో మోసం లేదు. కానీ చట్టం దృష్టిలో కాగితం మీకు అందినట్టే, మీకు మాత్రం ఇంటి గుమ్మంలోకి ఏమీ రాలేదు. రిఫండు జమ వేసుకునే ముందు కూడా, ఇలా చేయబోతున్నాం, అభ్యంతరం ఉంటే చెప్పండి అని ఒక కబురు పంపుతారు. అదీ అదే మెయిల్‌కు వెళ్లుంటుంది.

ఆ ఒక్క కాగితంలో మూడు తేదీలున్నాయి, అందుకే దాన్ని కాస్త నెమ్మదిగా చూద్దాం. బాకీ కట్టడానికి ముప్పై రోజులు, అంటే జనవరి 11 నుంచి లెక్కవేస్తే ఫిబ్రవరి 9. అది దాటితే నెలకు, నెలలో కొంత భాగమైనా సరే, ఒక శాతం వడ్డీ. వడ్డీకి వందల్లోకి దించి లెక్కవేస్తారు కాబట్టి 21,300 మీద నెలకు 213 రూపాయలు. మూడేళ్లకు 7,668. రెండోది, ఆ లెక్క తప్పని అప్పీలుకు వెళ్లడానికి కూడా ముప్పై రోజులే. ఆ తలుపు మూసుకుంది. ఆలస్యానికి కారణం చెప్పుకుని తట్టొచ్చు గాని ఒప్పుకుంటారన్న హామీ లేదు. మూడోదాని సంగతి మీకు ఎవరూ చెప్పినట్టు లేరు. కాగితాల్లో కళ్లకు కనిపించే తప్పు ఉంటే సరిదిద్దమని అడగడానికి నాలుగేళ్లుంటుంది, అదీ ఆ ఉత్తర్వు వచ్చిన ఆర్థిక సంవత్సరం చివరినుంచి. మీ ఉత్తర్వు 2022-23లో వచ్చింది, ఆ సంవత్సరం 2023 మార్చి 31న ముగిసింది, కాబట్టి 2027 మార్చి 31 దాకా ఆ తలుపు తెరిచే ఉంది.

అయితే తప్పు ఉందా లేదా అన్నది ముందు చూడాలి. ఇంటిమేషన్ పీడీఎఫ్‌ తెరవడానికి పాస్‌వర్డు మీ పాన్ నెంబరు చిన్న అక్షరాల్లో, దాని పక్కనే పుట్టిన తేదీ. పాన్ ABCDE1234F అయి 1980 జనవరి 1న పుట్టినవాళ్లకైతే ఇలా ఉంటుంది:

```
abcde1234f01011980
```

లోపల రెండు వరసల అంకెలుంటాయి, ఎడమవైపు మీరు చెప్పినవి, కుడివైపు వాళ్లు లెక్కకట్టినవి. వేలుపెట్టి పైనుంచి కిందికి దిగుతూ రెండూ ఎక్కడ విడిపోయాయో అక్కడ ఆగండి. మీలాగా షాపులు అద్దెకిచ్చినవాళ్లకు చాలాసార్లు అది టీడీఎస్ వరస దగ్గర విడిపోతుంది. అద్దెకున్నవాళ్లు మీ అద్దెలోంచి పన్ను కోసుకున్నారు, కానీ ఆ లెక్క ప్రభుత్వానికి ఆలస్యంగా ఇచ్చారు, లేదా మీ పాన్‌లో ఒక అక్షరం తప్పు కొట్టారు. అప్పుడు మీ పేరు మీద ప్రభుత్వానికి చేరిన పన్నుల పట్టిక అయిన ఫారం 26ఏఎస్‌లో ఆ సొమ్ము కనబడదు, కంప్యూటరు దాన్ని లేనట్టే లెక్కవేస్తుంది. ఇప్పుడు అదే సంవత్సరం 26ఏఎస్ మళ్లీ తీసి చూడండి. ఈలోగా వాళ్లు సరిదిద్ది ఉంటే ఆ సొమ్ము కనిపిస్తుంది. అలాగైతే పోర్టల్లో Rectification కింద Tax credit mismatch correction అని పెడితే చాలు. బాకీ తగ్గిన మేరకు వడ్డీ కూడా తగ్గుతుంది. ఇప్పటికీ కనబడకపోతే, ఆ అద్దెదారుల దగ్గరికి మీరే వెళ్లి సవరణ లెక్క వేయించాలి, 2027 మార్చి దాకా ఉంది కదా అని కూర్చుంటే వాళ్లు షాపు ఖాళీ చేసి వెళ్లిపోవచ్చు. ఒకవేళ తేడా టీడీఎస్ దగ్గర కాక ఆదాయం దగ్గర ఉంటే, అంటే ఏదో ఒక డిపాజిట్ వడ్డీ మీరు చూపించడం మరిచిపోయి ఉంటే, వాదించకండి, కట్టేయండి. మిగిలిన బాకీ మీద నెల నెలా వడ్డీ పోస్తూ నిజమైన బాకీని ఉంచుకోవడంలో అర్థం లేదు. ఏది చేసినా పోర్టల్లో Response to Outstanding Demand అన్నచోట ఒప్పుకుంటున్నామో, కాదంటున్నామో, ఎందుకో రాయాలి. అక్కడ ఖాళీగా వదిలితే మళ్లీ రిఫండు వచ్చినప్పుడు మళ్లీ జమ వేసుకుంటారు.

చూశారా, ఆ ఒక్క కాగితానికి మన గీతల పేజీలో మూడు వరసలు కావాలి. ఒకటి దాటిపోయింది, దానికి అడ్డగీత. ఒకటి నెల నెలా నడుస్తోంది. ఒకటి 2027 మార్చి 31. గడువు దాటిన కాగితాన్ని ఇక చేసేదేముందని అట్టడుగుకు తోసేయకుండా ఉండటానికి ఇలా విడదీసి రాయడమే దారి.

సెక్షన్ నెంబర్లు బట్టీ పట్టకండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం, 2025లో చేసినది, అమలులోకి వచ్చింది. పాత సంవత్సరాల కాగితాలు పాత నెంబర్లతో, కొత్తవి కొత్త నెంబర్లతో కొన్నాళ్లు కలగాపులగంగా వస్తాయి. నెంబర్ల వారీగా ఫైళ్లు పెట్టుకున్న మా ఆఫీసుల్లో గోల గోలగా ఉంటుంది. తేదీ వారీగా పెట్టుకున్న మీకు దానితో పనిలేదు.

మెయిల్ సంగతి సరిచేయడానికి పావుగంట చాలు. పోర్టల్లో My Profile లోకి వెళ్లి Contact Details లో మొదటి మెయిల్, మొదటి ఫోను మీవి పెట్టండి. రెండో మెయిల్‌గా ఆడిటర్ గారిది ఉంచొచ్చు, ఆయన పని ఆగదు. ఆ తరవాత ప్రతి ఆదివారం ఒకసారి లాగిన్ అయి, Pending Actions కింద e-Proceedings చూడండి. నెలకోసారి చాలదా అంటారేమో. చాలదు. రిటర్నులో లోపం ఉందని వచ్చే నోటీసుకు మామూలుగా పదిహేను రోజులే ఇస్తారు, అప్పట్లోగా సరిచేయకపోతే అసలు రిటర్నే వేయనట్టు లెక్కకట్టొచ్చు. నెలకోసారి చూసేవాళ్లకు అది పుట్టి పోయిన సంగతి కూడా తెలియదు. మన దగ్గరికొచ్చే వాటిలో అతి చిన్న గడువు పదిహేను రోజులైతే, వారానికోసారి చూస్తే కనీసం ఎనిమిది రోజులు మన చేతిలో ఉంటాయి. మెయిల్లో వచ్చింది ఏదైనా సరే, ఆ రోజే ప్రింటు తీసి అదే ఫైల్లో, అదే వరసలో పెట్టండి. ఫోన్‌లో ఉందిలే అన్న కాగితం ఫైల్లో లేనట్టే. లాగిన్ అవడానికి ఓటీపీ వచ్చే సిమ్ము ఎప్పుడూ రీచార్జిలో ఉండాలి. మీవారి భారతదేశపు నెంబరు అక్కడి డ్రాయరులో చచ్చిపోయి ఉంటే, ఆయన కాగితాలు ఆయనా చూడలేరు, మీరూ చూడలేరు.

దొంగ కాగితాల గురించి మీరు అడగలేదు గాని, ఇంత భయపడ్డాక ఎవరైనా "మీ బాకీ వెంటనే కట్టండి" అని లింకు పంపితే నొక్కేస్తారేమోనని చెబుతున్నాను. 2019 అక్టోబరు నుంచి ఆదాయపు పన్ను శాఖ పంపే కాగితాలకు డిన్ అనే నెంబరు వేస్తున్నారు. పోర్టల్లో లాగిన్ కాకుండానే Authenticate Notice/Order Issued by ITD అన్నచోట ఆ నెంబరు కొడితే నిజమైనదో కాదో చెబుతుంది. అది చూశాకే గీతల పేజీలో వరస రాయండి.

మళ్లీ బ్యాంకు దగ్గరికి వద్దాం, ఎందుకంటే మీ సంచీలో నిజంగా కాలుతున్నది అదే. నోటీసులో మొత్తం అప్పు కట్టమని ఉంటుంది, ఆ అంకె చూసి గుండె ఆగినంత పనవుతుంది. కిస్తీ తొంభై రోజులు దాటి బాకీ పడితే బ్యాంకు ఆ ఖాతాను మొండి బాకీల్లో వేస్తుంది, ఆ తరవాతే ఈ నోటీసు. మీ ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ఫిబ్రవరి నుంచి బాకీ పడ్డ కిస్తీలన్నీ, వాటి మీది వడ్డీ, ఖర్చులతో సహా కట్టేయడం. రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం బాకీ మొత్తం తీరితేనే ఖాతా మళ్లీ మామూలు ఖాతా అవుతుంది. ఒకటి రెండు కిస్తీలు కట్టి ఊపిరి పీల్చుకుంటే లాభం లేదు, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. డబ్బు ఉన్నమేరకు కట్టి, మిగిలింది మరిచిపోతారు, నోటీసు మాత్రం బతికే ఉంటుంది. కట్టాక ఖాతా క్రమబద్ధమైందని, ఈ నోటీసు మీద ముందుకు పోమని బ్యాంకు నుంచి కాగితం అడిగి తీసుకోండి.

రెండో దారి, అంత డబ్బు జులై 23లోగా రాదనుకుంటే, మీవారి జీతం ఆగిన కాగితాలు జతచేసి, ఎంత ఎప్పుడు కట్టగలరో తేదీలతో ఒక అర్జీ ఇవ్వడం. బాకీ అంకెలో తప్పుంటే అదీ అందులోనే రాయాలి. అభ్యంతరం చెబుతూ ఇచ్చిన అర్జీని ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో పదిహేను రోజుల్లో బ్యాంకు మీకు రాసి ఇవ్వాలి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఇస్తే అరవై రోజుల గడియారం ఆగుతుందని మాత్రం అనుకోకండి, అది నడుస్తూనే ఉంటుంది. ఆ ముద్ర ఉన్న ప్రతి రెండో అట్టలోకి వెళుతుంది, పదిహేను రోజుల తేదీ పేజీలో కొత్త వరస అవుతుంది. మూడో దారి, ఏమీ చేయకపోవడం. ఆగస్టు 2 తరవాత బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకునే చర్య మొదలుపెట్టొచ్చు. అప్పుడు మీకు మిగిలేది ఆ చర్య మీద నలభై అయిదు రోజుల్లో విశాఖలోని అప్పుల వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లడం. లాయరు, ప్రయాణాలు, ఫీజులు. దానికి పెట్టే డబ్బుతో రెండు మూడు కిస్తీలు తీరతాయి. అప్పు ఇద్దరి పేరా ఉంది కాబట్టి ఇందులో ఒక మేలుంది, బ్యాంకు మీతో మాట్లాడనని అనలేదు. ఒక్క మీవారి పేరు మీదే ఉంటే మస్కట్ నుంచి అధికారపత్రం తెప్పించేసరికి ఆగస్టు వచ్చేది.

మామగారి కవర్లను "ఆయన లేరు" అని తిప్పి పంపకండి. చనిపోయినవారి పన్ను బాకీకి, ఆయన వదిలివెళ్లిన ఆస్తి మేరకు, వారసులు జవాబు చెప్పాలి. మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఆయన పాన్, వారసుల పాన్ పెట్టుకుని పోర్టల్లో మీవారో అత్తగారో వారసులుగా నమోదైతే, ఆయన ఖాతాలోకి వచ్చేవి కనబడతాయి. ఆ రెండు కవర్లూ విప్పి, గడువు ఉంటే మొదటి అట్టలో, బ్యాంకు స్టేట్‌మెంటు లాంటిదైతే మూడో అట్టలో ఆయన పేరు కింద పెట్టండి. మున్సిపాలిటీ ఇంటి పన్నుకు ఇంత హడావుడి అవసరం లేదు. ఏప్రిల్ 30లోగా ఏడాదంతా కట్టేస్తే అయిదు శాతం తగ్గిస్తారు కాబట్టి పేజీ అడుగున 'ప్రతి ఏప్రిల్' అని ఒక వరస చాలు.

ఇదంతా ఎవరు చేయాలన్నది మీరూ మీవారూ తేల్చుకోవాలి. ఆడిటర్ గారికే మొత్తం వదిలేస్తే శ్రమ తప్పుతుంది, కానీ ఆయన చూసేది పన్ను కాగితాలు, బ్యాంకు కవరు ఆయన దగ్గరికి పోదు. మీవారు అక్కడినుంచి పోర్టల్ చూడగలరు, గుమ్మంలోకొచ్చే కవరు చూడలేరు. మీరొక్కరే చేస్తే అన్నీ ఒకచోట ఉంటాయి, మీకు జ్వరమొచ్చిన వారం మాత్రం ఎవరూ చూడరు. నా మటుకు నేనైతే, కవర్లూ ఫైలూ మీరు, ఆదివారం పోర్టల్ మీవారు, జవాబు రాయడం ఆడిటర్ గారు అని పంచుతాను. ఆదివారం రాత్రి మీరు ఆ గీతల పేజీ ఫోటో తీసి మీవారికి పంపండి. అప్పుడు కేకలేయాలన్నా ఏ వరస మీద వేయాలో ఆయనకు తెలుస్తుంది.

ఆడిటర్ గారితో గొడవకు దిగకండి. 2023 జనవరి 10 నాటి మెయిల్ నాకు ఫార్వర్డ్ చేయండి, నా పేరు మీద ఇంకేమైనా వచ్చి ఉంటే అవి కూడా, అని మామూలుగా అడగండి. ఇంకా రెండు మూడు బయటపడతాయి, చాలావరకు అక్కర్లేనివే ఉంటాయి. వాటన్నిటి మీదా తేదీలు వేశాకే ఆ చీరల షాపు సంచీ మడతపెట్టి లోపల పెట్టండి.